ఇన్వర్టర్ కొన్నంత మాత్రాన పని సాగదు

ఇంటి నుంచి ఉద్యోగం చేసే పిల్లల గురించి మార్కాపురం, గిద్దలూరు వైపు ఒక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉండాలి, నెట్ పోతే రెండో సిమ్ ఉండాలి, ఈ రెండూ కొనుక్కున్నవాడికి ఇక దిగుల్లేదు అని. షాపువాడు ఇదే చెబుతాడు. హైదరాబాద్‌లో కూర్చున్న మేనేజరూ ఇంటర్వ్యూలో ఇదే అడుగుతాడు: "బ్యాకప్ ఉందా?" ఉందంటే ఆ ప్రశ్న అక్కడితో అయిపోతుంది. తర్వాత ఏ మే నెల సాయంత్రమో ఈదురుగాలి లేస్తుంది, కరెంటు పోతుంది, గంటలోపే నెట్టూ పోతుంది. ఇన్వర్టర్ మీద ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, ల్యాప్‌టాప్ వెలుగుతూనే ఉంటుంది, పని మాత్రం ఆగిపోతుంది. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల నోట రెండో మాట వస్తుంది: "ఇట్టాంటి ఉద్యోగాలు ఊళ్లో కూర్చుని అయ్యేవి కావు నాయనా, సిటీకి పో."

ఈ రెండు మాటలూ తప్పే. రెండో మాట పుట్టేది మొదటి మాట నమ్మినందువల్లే. సామాను కొంటే కొన్ని గంటలు చేతికొస్తాయి. ఆ గంటల్లో నెట్ లేకుండా చేయగల పని ఏదో, దానికి కావలసినవన్నీ ముందే యంత్రంలోకి దించి పెట్టుకున్నామో లేదో ఎవరూ అడగరు. అంతరాయానికి ప్రణాళిక అంటే ముందు పని జాబితా, ఆ తర్వాతే బ్యాటరీ. ఇది తలకిందులు చేసి, బ్యాటరీతో మొదలుపెట్టి బ్యాటరీతోనే ముగించడం మన దగ్గర అలవాటైపోయింది.

ముందు ఈ బ్యాకప్‌లు ఎందుకు ఒకేసారి కూలతాయో చూద్దాం. మన రాష్ట్రంలో ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్‌ను వేల కిలోమీటర్ల మేర కరెంటు స్తంభాల మీదుగానే లాగారు. తక్కువ ఖర్చుతో, తొందరగా పల్లెపల్లెకూ చేరడానికి అది మంచి మార్గమే, దాన్ని తప్పు పట్టను. చిన్న ఊళ్ల కేబుల్ ఆపరేటర్లకూ చాలాచోట్ల ఆ స్తంభాలే దిక్కు. దీనివల్ల వచ్చే చిక్కు ఒకటుంది. గాలికి వేపచెట్టు కొమ్మ విరిగి స్తంభం ఒరిగితే కరెంటు తీగతో పాటు ఫైబరూ తెగుతుంది. మనం రెండు వేర్వేరు ప్రమాదాలనుకుని రెండు వేర్వేరు మందులు కొన్నాం. జరిగిన ప్రమాదం ఒక్కటే.

స్తంభం ఒరగకుండా ఉత్త కరెంటే పోయిందనుకోండి. అప్పుడూ నెట్ కొంతసేపే ఉంటుంది. ఫైబర్ తీగలో నడిచేది వెలుతురు, దానికి కరెంటు అక్కర్లేదు. కానీ ఆ వెలుతురును పంపే యంత్రం, అంటే ఆపరేటర్ గదిలో ఉండే ఓఎల్‌టీ, కరెంటు మీదే నడుస్తుంది. దాని వెనక యూపీఎస్ ఎంతసేపు నిలబడితే అంతసేపే మన ఇంట్లో నెట్. అది అరగంటా మూడు గంటలా అన్నది ఆపరేటర్ పెట్టిన బ్యాటరీని బట్టి, దాని వయసును బట్టి ఉంటుంది. మన ఇంట్లో ఇన్వర్టర్ ఎంత పెద్దదైనా అతని గదిలో బ్యాటరీకి అది ఏమీ సాయం చేయలేదు. సెల్ టవర్ల సంగతీ అంతే. వాటికీ బ్యాటరీలుంటాయి, కొన్నిటికి జనరేటర్ ఉంటుంది. బ్యాటరీ అయిపోయాక డీజిల్ పోయడానికి మనిషి రావాలి. పైగా టవర్ బతికున్నంతసేపూ వీధి వీధంతా వైఫై వదిలి ఆ టవర్ మీదే పడుతుంది. ఫోన్‌లో నాలుగు గీతలూ నిండుగా కనిపిస్తాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. గీతలు చెప్పేది సిగ్నల్ బలాన్ని, అవతల ఎంతమంది క్యూలో ఉన్నారన్నది అవి చెప్పవు. రెండో సిమ్ వేరే కంపెనీదే అయినా ఆ రెండు కంపెనీల పరికరాలూ ఒకే టవర్ మీద ఉండొచ్చు, టవర్లు పంచుకోవడం ఈ రంగంలో మామూలు. అందుకే రెండో సిమ్ కొనేముందు అడగాల్సింది డేటా ప్యాక్ ధర కాదు. ఆ సిగ్నల్ ఏ టవర్ నుంచి వస్తోంది, కరెంటు పోయిన రోజు ఆ కంపెనీ ఫోన్లు మీ వీధిలో ఎంతసేపు పనిచేశాయి అని పక్కింటివాళ్లను అడగాలి.

బ్యాటరీ లెక్క కూడా ఒకసారి నిదానంగా వేసుకోవాలి, ఎందుకంటే షాపులో చెప్పే "ఎనిమిది గంటలు" అన్న మాట ఏ లోడుకో ఎవరూ చెప్పరు. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 12 ఓల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ. రెండూ గుణిస్తే 1800 వాట్ అవర్లు. ఇన్వర్టర్‌లో కొంత పోతుంది, బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు, కొన్నేళ్లు వాడిన బ్యాటరీలో సత్తా తగ్గుతుంది. చేతికి దక్కేది 1200 అనుకోవడం క్షేమం. ఇప్పుడు ఇంట్లో మూడు ఫ్యాన్లు, నాలుగు ట్యూబులు, టీవీ, ల్యాప్‌టాప్, రూటర్ అన్నీ కలిపి 450 వాట్లు లాగుతుంటే ఆ 1200 రెండున్నర గంటల్లో అయిపోతుంది. అదే బ్యాటరీ మీద ల్యాప్‌టాప్‌కు 50, రూటర్‌కు 10, ఒక్క ఫ్యానుకు 75, ఒక్క బల్బుకు 10, వెరసి 145 వాట్లే ఉంచితే ఎనిమిది గంటలు దాటుతుంది. తేడా అంతా స్విచ్ బోర్డు దగ్గర ఉంది. వైరింగ్ చేసే ఎలక్ట్రీషియన్‌తో పని గది ఒక్కదాన్నీ వేరే లైనుగా తీయించుకుంటే చాలు, పెద్ద బ్యాటరీ అక్కర్లేదు.

రూటర్‌కు మాత్రం 12 ఓల్టుల మినీ యూపీఎస్ ఒకటి విడిగా పెట్టుకోవడం మంచిది. ఇన్వర్టర్ మారే ఆ క్షణంలో కొన్ని బాక్సులు ఆగి మళ్లీ మొదలవుతాయి, మీటింగ్ తెగిపోతుంది. రేటింగ్ చూసి కొనాలి. రూటర్ అడాప్టర్ మీద 12 ఓల్టులు, 1.5 ఆంపియర్ అని ఉంటే యూపీఎస్ కూడా కనీసం అంత ఇవ్వగలగాలి. ఇంకో సంగతి కూడా మరచిపోతుంటారు. ఖాళీ అయిన పెద్ద బ్యాటరీ నిండడానికి ఇంచుమించు పది గంటలు పడుతుంది. పొద్దున మూడు గంటలు, సాయంత్రం మూడు గంటలు కరెంటు పోయే రోజున రెండో కోత సగం బ్యాటరీనే ఎదుర్కొంటుంది. "మొన్న ఐదు గంటలు వచ్చింది, ఇవాళ రెండు గంటలకే కూర్చుంది, బ్యాటరీ చెడిపోయింది" అని షాపుకు పరిగెత్తేవాళ్లలో చాలామందికి జరిగింది ఇదే.

సామాను గురించి ఇంతకుమించి చెప్పాల్సింది లేదు. అసలు వాదన పని గురించి.

మార్కాపురం వాళ్లకు ఇది కొత్త సంగతేం కాకూడదు. పలకల ఊరు ఇది. పలకల తయారీలో మిషన్ మీద కోసే పని ఉంది, ఉలి పెట్టి రాతిని పొరలుగా చీల్చే చేతి పని ఉంది, ఏరడం, కట్టలు కట్టడం ఉన్నాయి. కరెంటు లేనప్పుడు కోత మిషన్ ఆగుతుంది, చేతి పనికి అడ్డేమీ లేదు, చీల్చాల్సిన రాయి ముందే దగ్గర పెట్టుకుని ఉంటే. కంప్యూటర్ పనిలోనూ ఈ విభజన ఉంది. నెట్ కావలసిన పని వేరు, కరెంటు మాత్రం కావలసిన పని వేరు, రెండూ అక్కర్లేని పని వేరు. మనవాళ్లు ఈ మూడింటినీ కలిపి "సిస్టం మీద పని" అనేస్తున్నారు. ఆ ఒక్క పేరు కింద పడేయడం వల్లే నెట్ పోగానే మూడూ ఆగిపోతున్నాయి.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపించి చూద్దాం. మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు వైపు ఇల్లు, హైదరాబాద్ కంపెనీకి జావాస్క్రిప్ట్ కోడ్ రాసే అమ్మాయి, మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రాత్రి పదింటి దాకా షిఫ్టు అనుకోండి. సాయంత్రం 4:10కి గాలి, నాలుగు చినుకులు, కరెంటు పోయింది. రూటర్ మినీ యూపీఎస్ మీద ఉంది, నెట్ ఇంకా వస్తోంది. ఇక్కడే దాదాపు అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నెట్ ఉందిగా, ఇన్వర్టర్ ఉందిగా అని చేస్తున్న పనే కొనసాగిస్తారు. మన బ్యాటరీ ఎనిమిది గంటలు వస్తుంది, ఆపరేటర్ యూపీఎస్ ఎంత వస్తుందో మనకు తెలీదు. ముందు చచ్చేది నెట్టే. కాబట్టి కరెంటు పోయిన మొదటి పది నిమిషాలు నెట్ కావలసిన పనులకే ఇవ్వాలి. చేతిలో ఉన్న సగం పనిని పైకి పంపడం, టీమ్‌లో మిగతావాళ్ల మార్పులను కిందికి దించుకోవడం, ఆ వారం తన పేరున ఉన్న టికెట్లను ఫైలుగా సేవ్ చేసుకోవడం, మేనేజర్‌కు కబురు చెప్పడం. కోడ్ వరకు ఈ నాలుగు లైన్లు చాలు:

```
git add -A
git commit -m "WIP 16:10 power cut"
git push origin HEAD
git fetch --all --prune
```

ఆ తర్వాత కూడా నెట్ ఉంటే మీటింగులు, ఇతరుల ప్రశ్నలకు జవాబులు, పెద్ద ఫైళ్ల అప్‌లోడ్ లాంటివి ముందుకు జరుపుకోవాలి. ఒంటరిగా కూర్చుని రాసుకునే కోడ్ ఎప్పుడైనా రాసుకోవచ్చు.

5:20కి నెట్ పోయింది. రూటర్ బాక్స్ మీద LOS అని రాసి ఉన్న దగ్గర ఎర్ర లైటు మినుకుమంటోంది. అంటే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదు. తీగ తెగి ఉండాలి, లేదా ఆపరేటర్ యంత్రం ఆగి ఉండాలి. అదే కనెక్షన్ ఉన్న పక్కింట్లో PON లైటు పచ్చగా నిలకడగా ఉంటే చిక్కు మన ఇంటికి వచ్చే తీగలో ఉంది. వాళ్లదీ ఎర్రగానే ఉంటే ఆపరేటర్ దగ్గర బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, అలాగైతే కరెంటు వచ్చిన కాసేపటికి నెట్టూ దానంతటదే వస్తుంది. కరెంటు వచ్చాక కూడా అందరి ఇళ్లలో ఎర్ర లైటే ఉంటే ఎక్కడో ఫైబర్ తెగింది, అతికే మిషన్ పట్టుకుని మనిషి రావాలి, ఆ రాత్రికి నెట్ మీద ఆశ పెట్టుకోకూడదు. రూటర్‌ను పదిసార్లు ఆపి వేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

కరెంటు గురించి కూడా అడిగే పద్ధతి ఉంది. "ఎప్పుడొస్తుంది సార్?" అని అడిగితే "వచ్చుద్దండీ" అన్న జవాబే వస్తుంది. లైన్‌మన్‌నో సబ్‌స్టేషన్‌నో అడగాల్సింది "ఎల్సీనా, బ్రేక్‌డౌనా?" అని. ఎల్సీ అంటే లైన్ మీద మనుషులు పనిచేయడానికి కావాలని ఆపిన సరఫరా, దానికి ముగింపు టైము ఉంటుంది, చాలాసార్లు ముందురోజే పేపర్లో వస్తుంది. బ్రేక్‌డౌన్ అయితే 11 కేవీ లైను వెంట నడిచి చెడిన చోటు వెతకాలి, టైము వాళ్లకే తెలీదు. ఎదురు వీధిలో లైట్లు వెలుగుతూ మన వీధే చీకటిగా ఉంటే అది మన ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు కావొచ్చు, ఎవరూ ఫిర్యాదు చేయకపోతే అట్లానే ఉంటుంది, 1912కి ఫోన్ చేయాలి. ఈ మూడు జవాబుల్ని బట్టి సాయంత్రం పని మారిపోతుంది. ఎల్సీ అయితే బ్యాటరీని ధైర్యంగా ఖర్చు పెట్టొచ్చు. బ్రేక్‌డౌన్ అయితే పొదుపు చేయాలి.

ఇప్పుడు ఆ అమ్మాయికి నెట్ లేదు, ఇన్వర్టర్ ఉంది. ఇక్కడ ఆఫ్‌లైన్ పని జాబితా కావాలి, అది అప్పటికప్పుడు ఆలోచించి తయారు చేసేది కాదు. ఆ జాబితాలో ఉండాల్సినవి ఆమె వృత్తి ప్రకారం ఇలా ఉంటాయి: దించుకున్న టికెట్లలో నెట్ అక్కర్లేని బగ్ ఒకటి, ఎన్నాళ్లుగానో వాయిదా పడుతున్న యూనిట్ టెస్టులు, తోటివాళ్ల మార్పులు చదివి వ్యాఖ్యలు రాసిపెట్టడం, కొత్తగా చేరేవాళ్లకు పనికొచ్చే డాక్యుమెంట్. బ్యాటరీ నిండుగా ఉన్న మొదటి గంటల్లో టెస్టులు నడపడం, బిల్డ్ చేయడం లాంటి కరెంటు తినే పనులు పూర్తిచేయాలి. అవి నడుస్తుంటే ల్యాప్‌టాప్ ఫ్యాను ఊపందుకుంటుంది, చార్జ్ కళ్లముందే దిగుతుంది. రాత్రయి ఇన్వర్టర్ కూడా నీరసించాక చదవడం, రాయడం మిగల్చుకోవాలి. స్క్రీన్ వెలుతురు సగానికి తగ్గించి వట్టి టెక్స్ట్ ఫైలు రాసుకుంటే అదే ల్యాప్‌టాప్ తన సొంత బ్యాటరీ మీద చాలాసేపు వస్తుంది.

జాబితా ఉన్నా పని మొదలవదు, అదే అసలు ప్రమాదం. `npm install` అని కొట్టగానే నెట్ అడుగుతుంది. టెస్టు నడిపితే అది ఎక్కడో క్లౌడ్‌లోని డేటాబేస్‌ను వెతుక్కుంటుంది. ఎడిటర్ లైసెన్స్ కోసం లాగిన్ అడుగుతుంది. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైలు పేరు కనిపిస్తుంది, తెరవబోతే తెరుచుకోదు. పేరు పక్కన మబ్బు గుర్తు ఉందంటే ఆ ఫైలు మన యంత్రంలో లేదు, పేరు మాత్రమే ఉంది. "Always keep on this device" అని ముందే ఎంచుకుంటేనే నిండు పచ్చ వృత్తంలో టిక్కు పడి, ఫైలు నిజంగా దిగుతుంది. గూగుల్ డాక్స్‌లో ఆఫ్‌లైన్ వాడకం నెట్ ఉండగానే ఆన్ చేసి ఉండాలి. జీమెయిల్‌లోనూ అంతే, ఎన్ని రోజుల మెయిల్ దించుకోవాలో సెట్టింగ్‌లో చెప్పాలి.

ఇవన్నీ ఒక్కొక్కటి గుర్తుంచుకోవడం ఎవరి వల్లా కాదు. కనుక్కునే దారి ఒకటే: మంచి రోజు చూసుకుని, నెట్ చక్కగా వస్తున్నప్పుడే, వైఫై ఆపేసి గంటసేపు పనిచేయడం. ఏది ఆగిపోయిందో అది కాగితం మీద రాసుకోవడం. వైఫై మళ్లీ వేసి ఆగిపోయిన ప్రతిదానికీ కావలసినది దించుకోవడం. వారం తర్వాత మళ్లీ ఆపి చూడటం. గిద్దలూరు నుంచి నంద్యాల రైలెక్కేవాళ్లకు ఈ పరీక్ష ఊరికే దొరుకుతుంది, దిగువమెట్ట దాటి నల్లమలలోకి వెళ్లాక సిగ్నల్ అంతంతమాత్రమే. ఆ దారిలో చేయగలిగిన పనే నిజమైన ఆఫ్‌లైన్ పని. ఇన్వర్టర్ కొనడానికి వేలకు వేలు పెట్టినవాళ్లు ఈ పైసా ఖర్చు లేని పరీక్ష ఒక్కసారీ చేయకపోవడం చూస్తే నాకు బాధగా ఉంటుంది. కోడ్ రాసేవాళ్లు వారం మొదట్లో ఈ మూడు లైన్లు నడిపితే సగం చిక్కులు తీరతాయి:

```
git fetch --all --prune
npm ci
docker compose pull
```

మొదటిది కోడ్‌ను, రెండోది దాని లైబ్రరీలను, మూడోది డేటాబేస్ లాంటి తోడు ప్రోగ్రాములను మన యంత్రంలోకే దించుతుంది. అప్పుడు టెస్టులు బయటి క్లౌడ్ కోసం వెతుక్కోకుండా ఇంట్లోనే నడిచేలా రాసుకోవచ్చు. డాక్యుమెంటేషన్ కోసం జీల్ లాంటి ఆఫ్‌లైన్ ప్రోగ్రాములు ఉన్నాయి.

రాత్రి 8:40కి నెట్ వచ్చిందనుకోండి. ఆతృతగా అన్నీ ఒకేసారి పైకి తోసేస్తే అక్కడో ప్రమాదం ఉంది. మూడు గంటల్లో మిగతావాళ్లూ అదే ఫైలు మార్చి ఉంటారు. ముందు వాళ్ల మార్పులు దించి, కలిపి, టెస్టులు నడిపి, అవి నెగ్గితేనే పంపాలి:

```
git fetch origin
git merge origin/main
npm test && git push origin HEAD
```

కొత్తగా వచ్చిన నెట్ మొదట్లో బలహీనంగా ఉంటుంది, మళ్లీ లాగిన్ కావాలంటే ఎస్సెమ్మెస్‌లో వచ్చే ఓటీపీ రాక సతాయిస్తుంది. ఫోన్‌లో అథెంటికేటర్ యాప్ ఉంటే ఆ ఆరంకెల కోడ్ సిగ్నల్ లేకుండానే పుడుతుంది. కంపెనీ ఒప్పుకుంటే ముందే దానికి మారిపోవాలి.

ఇదంతా కోడ్ రాసేవాళ్లకు సరే, అందరి పనీ అలా ఉండదుగా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన అభ్యంతరం, దానికి తప్పించుకునే జవాబు చెప్పను. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చూసి మెడికల్ కోడింగ్ చేసేవాళ్లు మన వైపు చాలామందే ఉన్నారు. వాళ్ల స్క్రీన్ మీద కనిపించేదంతా వేరేచోట ఉన్న కంప్యూటర్‌లో ఉంటుంది, నెట్ పోతే స్క్రీన్ నల్లబడుతుంది. రోగి వివరాలు ల్యాప్‌టాప్‌లోకి దించుకోవడం, ఫోన్‌తో ఫొటో తీసుకోవడం పూర్తిగా నిషిద్ధం. 1996 నాటి హిపా చట్టం కింద అది కంపెనీకి, తమ ఉద్యోగానికి ఎసరు తెచ్చే తప్పు. "ఆఫ్‌లైన్ పని" అన్న పేరుతో ఆ పని ఎవరూ చేయకూడదు. వాళ్లకు మిగిలేది పని పక్కన ఉండే పని: ఐసీడీ-10 పుస్తకం, ఆ ఏడాది మారిన మార్గదర్శకాలు, సర్టిఫికేషన్ నిలుపుకోవడానికి కావలసిన చదువు, నాణ్యత పరిశీలనలో తమకు పడిన తప్పుల మీద రోగి వివరాలు లేకుండా రాసుకునే నోట్స్. ఇవి ఒకటి రెండు గంటలు నింపుతాయి, ఎనిమిది గంటలు నింపవు. కాల్ సెంటర్ పనికి ఇవి కూడా లేవు. అలాంటివాళ్ల ప్రణాళిక మనుషులతో కట్టుకోవాలి. వేరే ఊళ్లో, వేరే ఫీడర్ మీద ఉండే సహోద్యోగితో షిఫ్టు మార్చుకునే ఒప్పందం ముందే చేసుకుని, మేనేజర్ దగ్గర దాన్ని మెయిల్‌లో రాయించి పెట్టుకోవాలి. ఆ ఒప్పందం లేకుండా మూడో సిమ్ కొనడం డబ్బు దండగ.

ఇక "సిటీకి పో" అనేవాళ్ల మాట. సిటీలో కోతలు తక్కువ, నిజమే. కానీ 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం మీద పడినప్పుడు అంత పెద్ద నగరమూ చీకటైంది, ఫోన్లు మూగబోయాయి, మామూలు స్థితికి రావడానికి రోజులు పట్టింది. ఎలాంటి పని ఆగుతుందో ముందే తేల్చుకోనివాళ్లు అక్కడా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సి వచ్చేదే. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రమంతటా పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించిన వేసవి గుర్తుందిగా, అది ఒక్క పశ్చిమ ప్రకాశానికి వచ్చిన కష్టం కాదు. గిద్దలూరు పిల్లవాడు హైదరాబాద్‌లో అద్దె, తిండి, ప్రయాణం కింద నెలనెలా పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇక్కడ ఏడాదికి కొన్ని సాయంత్రాల అంతరాయం చిన్నది, ఆ సాయంత్రాల్లో ఏం చేయాలో తెలిసి ఉంటే. అమ్మానాన్నల దగ్గర ఉండి సంపాదించుకునే అవకాశాన్ని ఒక ఎర్ర లైటుకు భయపడి వదులుకోమనడం అన్యాయం.

మేనేజర్ల బాధ్యత గురించి చెప్పకుండా వదిలితే ఈ వాదన సగమే అవుతుంది. "బ్యాకప్ ఉందా?" అన్న ప్రశ్నతో వాళ్లు మొత్తం భారాన్ని ఉద్యోగి బ్యాటరీ మీద పెట్టేస్తున్నారు. నెట్ పోయిన మూడు గంటలనూ సెలవుగా కోసే సంస్థలున్నాయి. ఆ మూడు గంటల్లో ఆ అమ్మాయి యూనిట్ టెస్టులు రాసింది, ఇద్దరి మార్పులు చదివి వ్యాఖ్యలు రాసింది, గిట్‌లో ప్రతి కమిట్ మీదా టైము ఉంటుంది. చూసి లెక్కగట్టడం కష్టమేమీ కాదు. వాట్సాప్ మెసేజ్ రాలేదు కాబట్టి పని జరగలేదు అనుకోవడం మాత్రం మానాలి. డేటా పోయినచోట కూడా మామూలు ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళుతుంది. "4:10 కరెంటు పోయింది, బ్రేక్‌డౌన్. 5:20 నెట్ పోయింది. ఆఫ్‌లైన్ జాబితాలో 2, 3 చేస్తున్నా. 7:00కి మళ్లీ మెసేజ్ పెడతా" అన్న నాలుగు ముక్కలు చాలు. దానికి అవతలివాళ్లు ఫోన్‌లో ఎస్సెమ్మెస్ చూసే అలవాటు పెట్టుకోవాలి.

ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ మూడు విషయాలూ మెయిల్‌లో రాయించుకోమని ఇక్కడి పిల్లలకు నా మాట. అంతరాయంలో ఏయే పనులు పనిగంటలుగా లెక్కకొస్తాయి, ఎంతసేపటి లోపు ఏ దారిలో కబురు చెప్పాలి, ఎన్ని గంటలు దాటితే షిఫ్టు ఇంకొకరికి మారుతుంది. మేనేజర్ వీటికి జవాబు రాయనంటే, ఇన్వర్టర్ కొనడానికి ముందే ఆ సంగతి తెలుసుకోవడం మేలు.